ఆఖరి ఆఫర్, నాలుగో ముద్రణ

వేతన ఒప్పందం గడువు ఇంకో మూడు నెలల్లో ముగుస్తుందనగా మన కంపెనీల హెచ్ఆర్ విభాగాల్లో ఒక నోట్ తయారవడం మొదలవుతుంది. దాని పేరు మాండేట్ నోట్. యూనియన్ ఎంత అడుగుతుంది, మనం ఎంతతో మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి, ఆగలేకపోతే ఏం చెయ్యాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. నలభై స్లైడ్లు, రంగురంగుల గ్రాఫులు, ప్రతి పేజీ అడుగున ఎర్ర అక్షరాల్లో 'అత్యంత గోప్యం'. ఆ నలభై స్లైడ్లలో అసలైన అంకె ఒక్కటే: లిమిట్. ఇంతకు మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వం అనేది. మిగతా ముప్పైతొమ్మిదీ దానికి పట్టిన గొడుగులు.

ఇంతకీ ఆ లిమిట్ ఎలా పుడుతుందో తెలుసా? స్లైడ్లలోని లెక్కల్లోంచి మాత్రం పుట్టదు. ఎండీ గారు ఒకరోజు మీటింగ్ మధ్యలో ఫోన్ చూసుకుంటూ, "ఆరున్నర దాటొద్దు" అంటారు. అంతే. ఆరున్నరే ఎందుకు, ఆరూముప్పావు ఎందుకు కాదు అని అడిగే ధైర్యం ఆ గదిలో ఎవరికీ ఉండదు. పోయినసారి ఐదున్నరకి అయింది కదా, ఈసారి వెయ్యి కలిపారేమో. లేదా పక్క ఎస్టేట్ ఎండీ ఏదో పెళ్లిలో తన ఒప్పందం ఆరున్నరకి కుదిరిందని గొప్పలు పోయాడేమో. ఆ మర్నాటి నుంచి హెచ్ఆర్ పని, ఫైనాన్స్ పని ఒక్కటే: ఆరున్నరకి తగిన డేటా వెతకడం. జవాబు ముందే ఉంది, లెక్క ఇప్పుడు వెయ్యాలి.

మాట గాల్లో పోకుండా ఒక ఫ్యాక్టరీని ఊహించుకుందాం. పటాన్‌చెరు వైపు, ట్రాక్టర్లకీ లారీలకీ గేర్లు, షాఫ్టులు తయారుచేసే లిస్టెడ్ కంపెనీ. పర్మనెంట్ కార్మికులు 400 మంది. ఒక్కొక్కరి నెల జీతం సగటున 32,000, అందులో బేసిక్, డీఏ కలిపి 18,000. సగటు సర్వీసు 18 ఏళ్లు. యూనియన్ మూడేళ్ల ఒప్పందానికి నెలకి 15,000 పెంపు అడుగుతూ డిమాండ్ల పత్రం ఇచ్చింది. మేనేజ్‌మెంట్ మొదటి ఆఫర్ 2,500. లోపల అనుకున్న టార్గెట్ 6,000. పైన చెప్పిన దైవవాణి 6,500.

ముందు డేటా సంగతి. వేతనాల వివాదం ఏ ట్రిబ్యునల్‌కి వెళ్లినా అక్కడ చూసేది 'ఇండస్ట్రీ కమ్ రీజియన్'. అంటే ఇదే ప్రాంతంలో ఇలాంటి పరిశ్రమలు ఏమిస్తున్నాయన్నది. సుప్రీంకోర్టు 1958లో ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్స్ కేసులో ప్రాంతమూ, పరిశ్రమ ఇచ్చుకోగల శక్తీ రెండూ చూడాలన్న దగ్గర్నుంచి ఇదే పద్ధతి. కాబట్టి పోలిక కోసం ఏయే కంపెనీలను ఎంచుకుంటామన్న దాని మీద సగం కథ ఆధారపడి ఉంటుంది. మన హెచ్ఆర్ వారి ఎంపిక చూస్తే ముచ్చటేస్తుంది. ఆరు కంపెనీల పట్టిక వేస్తారు. అందులో రెండు ఇప్పటికే బ్యాంకులకి బాకీపడి షెడ్డుకి తాళం వెయ్యబోతున్నవి. ఒకదానిలో యూనియనే లేదు. ఇంకోదానిలో పనిచేసేది మొత్తం ఇరవైరెండు మంది. పోయిన ఏడాది రోడ్డుకి అవతల పక్క మంచి ఒప్పందం చేసుకున్న కంపెనీ మాత్రం పట్టికలో కనబడదు. అడిగితే "వాళ్ల బిజినెస్ మోడల్ వేరు సార్" అంటారు. ఇదే కంపెనీ బోర్డులో ఎండీ గారి జీతం పెంచే రోజున పోలికకి తెచ్చేవి పుణే, ముంబై, చెన్నై కంపెనీలు. కార్మికుడి విషయంలో పటాన్‌చెరు కూడా దాటని భూగోళం పై అంతస్తుకి వెళ్లేసరికి దేశమంతా పరుచుకుంటుంది.

పట్టిక నిజాయితీగా వెయ్యాలంటే పెద్ద విద్య అక్కర్లేదు. చుట్టుపక్కల ఒప్పందాల కాపీలు తెప్పించాలి. పెంపు ఎన్నేళ్లకి, ఏ ఏడు ఎంత, ఒప్పందానికి ముందు జీతం ఎంత, బదులుగా ఉత్పత్తిలో ఏం ఒప్పుకున్నారు అన్నవి ఒకే కొలతలోకి మార్చాలి. మూడేళ్లకి 9,000, నాలుగేళ్లకి 10,000 పక్కపక్కన పెట్టి రెండోదే పెద్దదనుకుంటే తప్పు. మొదటిది ఏడాదికి 3,000, రెండోది 2,500. యూనియన్ వాళ్లకి ఈ కాపీలన్నీ వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో వచ్చేశాయి. మన పట్టికలో లేని ఏడో కంపెనీని వాళ్లు మొదటి మీటింగులోనే బల్ల మీద పెడతారు. ఆ క్షణం నుంచి మిగతా ఆరింటి అంకెలు నిజమైనా నమ్మేవాడు ఉండడు.

దీనికన్నా కామెడీ 'కంపెనీ నష్టాల్లో ఉంది' అన్న స్లైడు. దాన్ని చూపించాక జరిగే తతంగం చూడాల్సిందే. హెచ్ఆర్ హెడ్ గారు గొంతు బరువు చేసుకుని మార్కెట్ బాగోలేదని, మార్జిన్లు పడిపోయాయని, మనమంతా ఒక కుటుంబమని చెబుతారు. యూనియన్ జనరల్ సెక్రటరీ మౌనంగా విని, సంచీలోంచి కంపెనీ వార్షిక నివేదిక తీస్తాడు. పేజీ మడతపెట్టి ఉంటుంది.

"సార్, గీ పేజీ జర సూడుండ్రి. మధ్యస్థ ఉద్యోగి జీతం ఎంతుంది, ఎండీ సారుది దానికి ఎన్ని రెట్లుంది అని మీరే రాసిండ్రు. పోయినేడు ఆయనది ఎంత శాతం పెరిగింది, మాది ఎంత పెరిగింది అది గూడ ఉంది. నష్టం మాకే వచ్చిందా సార్?"

కంపెనీల చట్టం 2013లోని 197వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీలు ఆ నిష్పత్తిని ప్రతి ఏడూ ప్రకటించి తీరాలి. ఆ పేజీ రాసింది కంపెనీ సెక్రటరీ. సంతకం పెట్టింది బోర్డు. చదివింది మాత్రం యూనియన్ ఒక్కటే. హెచ్ఆర్ హెడ్ గారు ఆ పేజీని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తారు, ఎందుకంటే నిజంగానే మొదటిసారి.

అదే నివేదికలో ఇంకో మడత పేజీ ఉంటుంది. పాత ఒప్పందం గడువు దాటి ఎనిమిది నెలలైందనుకోండి. కొత్త ఒప్పందం కుదిరాక కట్టాల్సిన బకాయిల కోసం ఫైనాన్స్ వారు ఖాతాల్లో కొంత సొమ్ము పక్కన పెడతారు. అది నియమం, మంచి పద్ధతి కూడా. నోట్స్‌లో 'వేతన సవరణకు కేటాయింపు' అని ఒక అంకె అచ్చవుతుంది. దాన్ని 400తో, 8 నెలలతో భాగిస్తే కంపెనీ మనసులో ఎంతుందో దాదాపుగా బయటపడుతుంది. ఒకవైపు లిమిట్ అంకె ఉన్న నోట్‌కి పాస్‌వర్డ్ పెట్టి, పాస్‌వర్డ్‌కి ఇంకో పాస్‌వర్డ్ పెట్టి కాపాడతారు. మరోవైపు అదే అంకెను అచ్చు వేయించి స్టాక్ ఎక్స్ఛేంజీకి పంపిస్తారు. ఈ రెండు పనులు చేసే ఇద్దరు పెద్దమనుషుల గదులూ ఒకే వరండాలో ఉంటాయి. ముందు ఒకసారి మాట్లాడుకుని ఉంటే ఆ కేటాయింపుని వేరే ఉద్యోగుల ఖర్చులతో కలిపి చూపించవచ్చో లేదో ఆడిటర్‌ని అడిగి ఉండేవారు.

ఇప్పుడు అసలు ఘట్టం, ఖర్చు లెక్క. హెచ్ఆర్ స్లైడులో లెక్క ఇలా ఉంటుంది: టార్గెట్ 6,000, మనుషులు 400, నెలలు 36. గుణిస్తే 8.64 కోట్లు. ఐదో తరగతి పిల్లవాడికి అప్పజెప్పినా ఇదే చేస్తాడు, జీతం అడగడు.

ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది, పెంపు 6,000 అంటే మొదటి నెల నుంచే 6,000 అని కాదు. మామూలుగా మొదటి ఏడు సగం, రెండో ఏడు 30 శాతం, మూడో ఏడు 20 శాతం. అంటే మొదటి ఏడాది 3,000, రెండో ఏడాది 4,800, మూడో ఏడాదే పూర్తి 6,000. మూడేళ్లకి ఒక్కో మనిషికి 1,65,600. నాలుగు వందల మందికి 6.62 కోట్లు. స్లైడు కన్నా రెండు కోట్లు తక్కువ.

రెండో తప్పు దీనికి ఎదురు దిక్కున ఉంది. కార్మికుడికి ఇచ్చే వెయ్యి రూపాయలు కంపెనీకి వెయ్యితో పోవు. ఆ వెయ్యి బేసిక్‌లో కలిస్తే, పూర్తి బేసిక్ మీద పీఎఫ్ కట్టే కంపెనీ అయితే 12 శాతం చొప్పున 120. ఏడాది సర్వీసుకి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీకి నెలకి 48. ఏడాదికి 15 రోజుల సెలవు నగదుగా ఇస్తుంటే ఇంకో 48. నెలకి పది గంటల ఓవర్‌టైమ్ ఉంటే, ఓటీకి రెట్టింపు రేటు కాబట్టి 96. మొత్తం 1,312. తేలిగ్గా 1,300 అనుకోండి. 6.62 కోట్లను 1.3తో గుణిస్తే దాదాపు 8.6 కోట్లు.

చూశారా విచిత్రం! స్లైడులో 8.64, సరైన లెక్కలో 8.6. ఒక తప్పు రెండు కోట్లు పైకి లాగింది, ఇంకో తప్పు రెండు కోట్లు కిందికి లాగింది. రెండు తప్పులు కౌగిలించుకుని ఒప్పు వేషంలో బోర్డు మీటింగుకి వెళ్లాయి. బోర్డు తలూపింది. ఈ వేషం ఎప్పుడు ఊడుతుందంటే, అర్ధరాత్రి చర్చల్లో యూనియన్ "ఆరు వేలకే ఒప్పుకుంటం, కాని మొత్తం మొదటి నెల నుంచే ఇయ్యాలె" అన్నప్పుడు. హెచ్ఆర్ హెడ్ గారు స్లైడు చూసుకుంటారు. అక్కడ 6,000 ఇంటూ 400 ఇంటూ 36 అనే ఉంది. మనం బోర్డు దగ్గర తీసుకున్న అనుమతి అదే కదా అని లోపల సంబరపడి చెయ్యి కలుపుతారు. అసలు ఖర్చు 11.2 కోట్లు. రెండున్నర కోట్లు కరచాలనంలో జారిపోయాయి.

అందుకని ఖర్చు పట్టికని అంకెల బొమ్మగా కాకుండా నడిచే షీటుగా తయారుచెయ్యాలి. మొత్తం పెంపు, ఏడాదివారీ విభజన, బేసిక్‌లో ఎంత, అలవెన్సుల్లో ఎంత, అమల్లోకి వచ్చే తేదీ అన్నవి మారిస్తే కింద ఖర్చు దానంతట అది మారాలి. అది తెరిచి కూర్చునే ఒక ఫైనాన్స్ కుర్రాణ్ణి చర్చల గది పక్కనే ఉంచాలి. మన కంపెనీల్లో ఆ కుర్రాడు రాత్రి ఏడింటికే ఇంటికి వెళ్లిపోతాడు. చర్చలు మొదలయ్యేది ఎనిమిదింటికి.

ఇంకా ఒక ఖర్చుంది, అది ఏ స్లైడులోనూ ఉండదు. గ్రాట్యుటీని ఆఖరి జీతం మీద లెక్కగడతారు. అంటే ఈరోజు బేసిక్ వెయ్యి పెంచితే, ఆ వెయ్యి వెనక్కి నడిచి ఆ మనిషి చేసిన 18 ఏళ్ల సర్వీసు మీదా కూర్చుంటుంది. వెయ్యిని 15తో గుణించి, 26తో భాగించి, 18తో గుణిస్తే పదివేల పైచిలుకు. 6,000 పెంపుకి మనిషికి 62 వేలు. నాలుగు వందల మందికి చేతి లెక్కన దాదాపు రెండున్నర కోట్లు. ఏటా బాధ్యత లెక్కగట్టే యాక్చువరీ గారు జీతాలు ఏడాదికి ఇంత శాతం పెరుగుతాయని ముందే ఊహించి కొంత వేసి ఉంటారు. ఆ ఊహకి మించిన భాగమే కొత్త దెబ్బ. ఆయన ఊహ ఎంతో కనుక్కోవడానికి ఒక్క ఈమెయిల్ చాలు. ఆ ఈమెయిల్ ఎవరు పంపాలన్నది మాత్రం హెచ్ఆర్‌కీ ఫైనాన్స్‌కీ మధ్య ఇంకా తేలని సరిహద్దు తగాదా.

"బేసిక్‌లో వేస్తే కదా ఈ గొడవ, అలవెన్సుల్లో వేద్దాం" అనే మేధావి ప్రతి కంపెనీలోనూ ఒకడుంటాడు. వాషింగ్ అలవెన్స్, ఎడ్యుకేషన్ అలవెన్స్, టిఫిన్ అలవెన్స్, పేరు దొరక్కపోతే స్పెషల్ అలవెన్స్. కార్మికుడి జీతం చీటీ చూస్తే అతను రోజూ బట్టలుతుక్కుంటూ పిల్లల్ని చదివిస్తూ టిఫిన్లు తింటున్నాడే తప్ప గేర్లు కోస్తున్నట్టు కనిపించదు. ఈ విద్యకి 2019 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు ఒక దెబ్బ వేసింది: అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సుకి ఏ పేరు పెట్టినా పీఎఫ్ కట్టాల్సిందే అని. రెండో దెబ్బ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లది. వేతనం కింద లెక్కకు రాని భాగాలన్నీ కలిపి మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటినంత మేరా వేతనం కిందికే తిరిగొస్తుంది. మేధావి గారి ఎక్సెల్‌లో మాత్రం ఇంకా పాత ప్రభుత్వమే నడుస్తోంది.

ఇప్పుడు ఆ ఆరున్నర దగ్గరికి వద్దాం. లిమిట్ అన్నది ఎండీ గారి ధైర్యానికి కొలత కాదు. ఒప్పందం కుదిరితే అయ్యే ఖర్చు, కుదరకపోతే అయ్యే ఖర్చు, ఈ రెండూ ఎక్కడ సమానమవుతాయో అది. దాని పైన ఇంకో గీత, ఆ ఖర్చుతో సరుకు అమ్మి బతకగలమా అన్నది. మన నోట్‌లో 'సమ్మె వస్తే' అన్న స్లైడు మీద గేటు దగ్గర పెట్టే సెక్యూరిటీ గార్డుల సంఖ్య, సీసీ కెమెరాల జాగాలు ఉంటాయి. రూపాయల్లో ఎంత పోతుందన్నది ఉండదు.

వేసి చూద్దాం. రోజుకి 80 లక్షల సరుకు అమ్ముడవుతోంది. ముడిసరుకు, కరెంటు వగైరా తీసేస్తే మిగిలేది 30 శాతం, అంటే 24 లక్షలు. సమ్మె రోజున జీతాలు ఇవ్వక్కర్లేదు కాబట్టి దాదాపు 5 లక్షలు మిగులు. నికరంగా రోజుకి 19 లక్షల నష్టం. ఇప్పుడు బల్లకి రెండువైపులా 500 రూపాయల తేడా మిగిలి, ఇద్దరూ మొండికేశారనుకోండి. ఆ 500 మొదటి నెల నుంచే ఇచ్చినా మూడేళ్లకి, పైఖర్చులతో సహా, కంపెనీకి అయ్యేది 94 లక్షల లోపు. అంటే ఐదు రోజుల సమ్మె. ఆరో రోజున లోపల కూర్చున్న ఎండీ గారు ఆ 500 ఇచ్చేస్తే అయ్యేదానికన్నా ఎక్కువ పోగొట్టుకోవడం మొదలుపెడతారు.

కార్మికుడి వైపు నుంచి అదే 500 చూడండి. మూడేళ్లకి 18,000. అతని రోజు జీతం 1,231. పదిహేను రోజులు పని మానుకున్నా గెలిస్తే అతనికి లెక్క దాదాపు సరిపోతుంది. ఒకవైపు ఐదు, ఒకవైపు పదిహేను. ఎవరు ముందు రెప్ప వాలుస్తారో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. పదిహేను రోజులు కూలి లేకుండా ఇల్లు నడపడం కార్మికుడికి నరకమే, అతని ఓపికకి హద్దు లెక్కల కన్నా ముందే రావచ్చు. కంపెనీకి కూడా పోయిన ఉత్పత్తిలో కొంత ఆదివారాలు నడిపి రాబట్టుకునే వీలుంది. కాని లైను ఆగిపోయిన ట్రాక్టర్ కంపెనీ రెండో సప్లయర్‌ని వెతుక్కుంటే ఆ ఆర్డరు మళ్లీ వెనక్కి రాదు. ఇవన్నీ కలిపి వేస్తే ఐదు ఏడు కావచ్చు, నాలుగూ కావచ్చు. నాకు చిరాకంతా ఒక్కటే. ఈ లెక్క అరపూట పని. నలభై స్లైడుల్లో దీనికి ఒక స్లైడు దొరకలేదు.

ఇంకో మాట. సమ్మెకి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, రాజీ చర్చలు నడుస్తుండగా చెయ్యకూడదు అని చట్టం చెబుతోంది కదా అన్న నిశ్చింతతో సరుకు నిల్వ పెట్టుకుని కూర్చుంటారు. యూనియన్ సమ్మె చెయ్యదు. ఓటీకి రాం అంటుంది. నెలాఖరు వారంలో ఓటీ మీదే నడిచే ఫ్యాక్టరీకి అంతకన్నా ఏం కావాలి? ఎనిమిది గంటల పని ఎనిమిది గంటలే చేసి, కార్డు గుద్ది, నవ్వుకుంటూ బస్సెక్కుతారు. దీనికి నోటీసూ లేదు, గేటు మీటింగూ లేదు. గార్డులు, కెమెరాలు ఏం చూడాలో తెలియక ఒకరినొకరు చూసుకుంటారు.

ఇక ఫాల్‌బ్యాక్ ఆఫర్లు. నోట్‌లో ఇవి ఎలా ఉంటాయంటే: ప్లాన్ ఏ, 5,500. ప్లాన్ బీ, 6,000. ప్లాన్ సీ, 6,500. ప్లాన్ డీ, లేబర్ ఆఫీసర్ గారిని కలవడం. ఫాల్‌బ్యాక్ అంటే ఇంకో ఐదు వందలు అని మన వాళ్ల అవగాహన. చర్చల్లో మొదట 2,500 అన్నారు, తర్వాత 3,000, తర్వాత 3,500. ప్రతి రెండు మీటింగులకీ ఒక ఐదు వందలు. యూనియన్ వాళ్లకి ఇందులోంచి అర్థమయ్యేది ఒక్కటే: ఇంకో రెండు మీటింగులు కూర్చుంటే ఇంకో ఐదు వందలు వస్తాయి. ప్రతి అడుగూ ముందు అడుగు కన్నా చిన్నదైతే, 4,000 తర్వాత 5,000, ఆ తర్వాత 5,500, 5,700 ఇలా, గోడ దగ్గరపడుతోందని ఎదుటివాడికి నోరు తెరవకుండానే తెలుస్తుంది. 'ఇదే మా లాస్ట్ అండ్ ఫైనల్' అని వేరే చెప్పక్కర్లేదు. మన వాళ్లు ఆ మాట మాత్రం మానరు. మూడో మీటింగులో ఒకసారి ఫైనల్, ఐదో మీటింగులో రెండోసారి, లేబర్ ఆఫీసులో మూడోసారి. నాలుగోసారి అన్నప్పుడు యూనియన్ ట్రెజరర్ నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగే మిషతో బయటికి వెళ్తాడు.

మొదటి అంకె మీద నమ్మకం ఎలా పోతుందో ప్రభుత్వాలే మనకి చూపించాయి. తెలంగాణ తొలి పీఆర్సీలో బిస్వాల్ కమిటీ సిఫారసు చేసిన ఫిట్‌మెంట్ 7.5 శాతం. 2021 మార్చిలో ప్రభుత్వం ప్రకటించింది 30. ఇక మీదట ఏ కమిటీ ఏ శాతం చెప్పినా ఉద్యోగి దాన్ని నాలుగుతో గుణించుకుని చూడడా? ఆంధ్రప్రదేశ్‌ది ఇంకో పాఠం. అక్కడ ఉద్యోగులు మధ్యంతర భృతిగా 27 శాతం తీసుకుంటుండగా, 2022 జనవరిలో 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించారు, పైగా ఇంటి అద్దె భత్యం స్లాబులు తగ్గించారు. జీతం పెంచారా తగ్గించారా అని ఉద్యోగులు లెక్కలేసుకుంటూ ఫిబ్రవరి 3న చలో విజయవాడ అని రోడ్డెక్కారు. ఆ వారంలోనే అద్దె భత్యం స్లాబులు మార్చాల్సి వచ్చింది. చర్చలు సాగుతాయి కాబట్టి ఈలోగా చేతిలో కొంత పెట్టి ఊరుకోబెడదాం అని మధ్యంతర భృతిని ఫాల్‌బ్యాక్‌గా వాడే ప్రతి హెచ్ఆర్ హెడ్ గారూ ఇది గుర్తుపెట్టుకోవాలి. మధ్యంతరంగా ఇచ్చినది ఏనాడూ మధ్యంతరంగా ఉండదు. అది కొత్త నేల అయిపోతుంది, దాని కింద ఏది చెప్పినా కోతే.

నిజమైన ఫాల్‌బ్యాక్ అంటే అంకె కాదు, పొట్లం. ఇది ఇస్తే అది కావాలి అని ముందే ఖర్చు కట్టి ఉంచుకున్నది. యూనియన్‌కి గేటు మీటింగులో చెప్పుకోవడానికి ఒక పెద్ద అంకె కావాలి. కంపెనీకి కావాల్సింది తక్కువ నగదు. ఈ రెండూ ఒకే చోట ఇమిడే వీలుంది. 6,000 పెంపుని 60, 20, 20 చొప్పున పంచితే మనిషికి మూడేళ్లకి 1,72,800. అదే 7,000 పెంపుని 40, 30, 30గా పంచితే 1,76,400. వెయ్యి రూపాయల పెద్ద అంకెకి మూడేళ్లలో అదనంగా పడేది 3,600, నెలకి వంద రూపాయలు. దీని బాకీ మూడేళ్ల తర్వాత వసూలవుతుంది. తర్వాతి ఒప్పందం మొదలయ్యే మెట్టు వెయ్యి ఎత్తులో ఉంటుంది, గ్రాట్యుటీ కూడా ఆ ఎత్తు మీదే. కాబట్టి ఈ పొట్లం విప్పేముందు బదులుగా ఏదైనా అడగాలి: ఒప్పందం మూడేళ్లకి బదులు నాలుగేళ్లు, లేదా గంటకి తయారయ్యే గేర్ల సంఖ్యలో పెంపు, లేదా షిఫ్టు మారే టైములో యంత్రం ఆగకుండా చూసుకోవడం. వాటి విలువ కూడా ఆ షీటులోనే రూపాయల్లో ఉండాలి. మన నోట్‌లో బదులు అడిగేవాటి స్లైడు కూడా ఉంది, కాదనను. 'క్రమశిక్షణ మెరుగుపరచాలి', 'సంస్థ పట్ల నిబద్ధత పెరగాలి' అని ఉంది. నిబద్ధత కిలో ఎంతో చెప్పే తూకం ఇంకా మార్కెట్లోకి రాలేదు.

ఒకవేళ ఇవన్నీ సిద్ధం చేసుకున్నా, బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి అధికారం ఉండదు. ప్రతి మలుపులోనూ "ఎండీ గారిని అడిగి చెప్తాం" అంటారు. మూడోసారి ఆ మాట వినగానే సెక్రటరీ లేచి నిలబడతాడు. "మీరెందుకు సార్ మధ్యల, ఎండీ సార్‌తోనే మాట్లాడతం" అంటాడు. అది పొగరు కాదు, పొదుపు. తలుపు తియ్యలేనివాడితో తాళం గురించి ఎంతసేపు మాట్లాడతాం? ఎండీ గారు చివరికి వస్తారు. వచ్చీ రాగానే, నోట్ చదవకుండా, నలభై స్లైడ్ల కష్టాన్ని పక్కన తోసి, పెద్దమనసుతో ఇంకో ఐదు వందలు వేసేస్తారు. ఆ పెద్దమనసు ఖరీదు ఎంతో పైన చూశాం.

మన ఊహా ఫ్యాక్టరీలో కూడా అలాగే ముగుస్తుంది. లేబర్ ఆఫీసులో రాత్రి పదకొండింటికి సంతకాలు. చట్టం మారినా ఫ్యాక్టరీ మనుషుల నోట్లో ఇంకా పాత పేరే, ట్వెల్వ్ త్రీ సెటిల్‌మెంట్. రాజీ అధికారి సమక్షంలో కుదిరింది కాబట్టి సంతకం పెట్టని చిన్న యూనియన్‌కి కూడా వర్తిస్తుంది. మొత్తం 7,000, విభజన 40, 30, 30. బదులుగా 'పరస్పర సహకారం'. ఆరున్నర దాటొద్దన్నది ఎవరో ఎవరికీ గుర్తులేదు. స్వీట్లు పంచుతారు, ఎండీ గారూ సెక్రటరీ చేతులు కలిపిన ఫొటో నోటీసు బోర్డెక్కుతుంది, కింద 'చారిత్రాత్మక ఒప్పందం' అని.

ఆ క్వార్టర్ చివర యాక్చువరీ రిపోర్టు వస్తుంది. ఆయన జీతాలు ఏడాదికి 5 శాతం పెరుగుతాయని ఊహించుకుని ఉన్నారు. 18,000 బేసిక్ మీద ఆయన లెక్కన మూడేళ్లకి పెరగాల్సింది 2,800 చిల్లర. పెంపంతా బేసిక్‌లో పడితే పెరిగింది 7,000. మిగతా తేడా 18 ఏళ్ల సర్వీసు మీద కూర్చుని, చేతి లెక్కలో కోటిన్నరకి పైగా తేలుతుంది. ఫైనాన్స్ హెడ్ గారు హెచ్ఆర్‌కి ఫోన్ చేస్తారు. హెచ్ఆర్ హెడ్ గారు సెలవులో ఉంటారు. ఆ మొత్తాన్ని ఫలితాల పట్టికలో ఎక్కడ చూపించాలో ఆలోచించి, చివరికి 'అసాధారణ అంశం' అన్న శీర్షిక కింద వేస్తారు. పోయిన ఒప్పందం ఏడాదీ, అంతకు ముందు ఒప్పందం ఏడాదీ కూడా ఆ శీర్షిక కిందే వేశారు.